సారీ చెబితే ఇరుక్కుపోతామా?

బ్యూటీ పార్లర్లు నడిపేవాళ్లు నలుగురు కలిసిన చోట ఒక సలహా తప్పకుండా వినిపిస్తుంది. జుట్టుకు రంగు వేయించుకున్న కస్టమర్ ముఖం వాచిందని ఫోన్ చేస్తే ఏం చేయాలన్నదానికి పెద్దలు చెప్పే జవాబు అది. "సారీ అనొద్దు, అంటే తప్పు ఒప్పుకున్నట్టే. ఏదీ కాగితం మీద పెట్టొద్దు. మరీ గొడవ చేస్తే రెండు వేలో మూడు వేలో చేతిలో పెట్టి వదిలించుకో." కొత్తగా పార్లర్ తెరిచిన అమ్మాయి ఈ మాటను అనుభవజ్ఞుల లౌక్యమనుకుని నమ్ముతుంది. అవసరం వచ్చిన రోజున అక్షరాలా పాటిస్తుంది.

ఈ సలహాలో మూడు ముక్కలున్నాయి, మూడూ తప్పే. మౌనం కస్టమర్ ఆరోగ్యాన్ని ప్రమాదంలో పడేస్తుంది. కాగితం లేకపోవడం చట్టం ముందు పార్లర్‌నే బలహీనపరుస్తుంది. ముందూ వెనకా చూడకుండా చేతిలో పెట్టిన డబ్బు బీమా రక్షణను పోగొడుతుంది. పార్లర్‌ను కాపాడుతుందని చెబుతున్న పద్ధతే దాన్ని ముంచుతుందని ఒక సందర్భం తీసుకుని చూపిస్తాను.

జిల్లా కేంద్రంలో ఒక పార్లర్ ఉందనుకుందాం. శుక్రవారం మధ్యాహ్నం యాభై దాటిన ఒకావిడ వచ్చి, ముందుగా టెస్ట్ లేకుండానే నల్లరంగు వేయించుకుని వెళ్లారు. ఆ రోజు ఏమీ కాలేదు. శనివారం రాత్రికి నుదుటి పైన, చెవుల వెనక దురద మొదలైంది. ఆదివారం పొద్దున లేచేసరికి కనురెప్పలు వాచి కళ్లు తెరవలేని స్థితి, చెవుల దగ్గర నీటి పొక్కులు. బుధవారం ఇంట్లో పెళ్లి. ఆవిడ కూతురు కోపంతో పార్లర్‌కు ఫోన్ చేసింది.

ఫోన్ ఎత్తిన యజమానురాలి నోటికి మొదట వచ్చే మాట మనందరికీ తెలుసు: "అమ్మగారు ఎన్నో ఏళ్లుగా రంగు వేయించుకుంటున్నారు, ఎప్పుడూ ఏమీ కాలేదు. రంగు వల్లయితే శుక్రవారమే రావాలి కదా, రెండు రోజులకు వస్తుందా?" ఆమె కావాలని అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అలా నమ్ముతోంది. కానీ ఆ రెండు వాక్యాలూ వైద్యపరంగా తప్పు. రేపు వాటినే ఆమెకు వ్యతిరేకంగా చదివి వినిపిస్తారు.

శాశ్వత రంగుల్లో, ముఖ్యంగా నల్లరంగుల్లో, తరచూ ఉండే పదార్థం పారా ఫినైలిన్ డయామిన్. క్లుప్తంగా పీపీడీ అంటారు. దీనికి వచ్చే అలర్జీ ఆలస్యంగా బయటపడే రకం. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య కనిపిస్తుంది. తలకు రాసిన రంగుకు వాపు ఎక్కువగా కనురెప్పల మీద, చెవుల దగ్గర, మెడ మీద వస్తుంది, ఎందుకంటే అక్కడి చర్మం పలుచన. శుక్రవారం వేసిన రంగుకు ఆదివారం ముఖం వాచడం ఈ అలర్జీ నడిచే మామూలు దారి. ఇక "ఇన్నేళ్లూ ఏమీ కాలేదు" అన్నది పార్లర్‌కు అనుకూలమైన సాక్ష్యమే కాదు. ఈ అలర్జీ పుట్టుకతో రాదు, ఆ పదార్థం శరీరానికి తగలగా తగలగా ఒక రోజున ఏర్పడుతుంది. ఎప్పుడో జాతరలో చేతికి వేయించుకున్న నల్ల మెహందీ డిజైన్‌లో పీపీడీ కలిసి ఉంటే శరీరం అప్పుడే దాన్ని గుర్తుపెట్టుకుని ఉండవచ్చు. ఒకసారి ఏర్పడితే సాధారణంగా జీవితాంతం ఉంటుంది.

అందుకే మొదటి ఫోన్‌లో వాదనకు చోటు లేదు. మూడు విషయాలు అడగాలి. "ఊపిరి బాగానే ఆడుతోందా? నాలుకగానీ పెదవులుగానీ వాచాయా? కళ్లు తిరుగుతున్నాయా?" ఒక్కదానికి అవునన్నా వెంటనే 108కి ఫోన్ చేయమని చెప్పాలి. అలాంటి తీవ్రమైన ప్రతిచర్య అరుదు, కానీ అరుదని వదిలేయదగ్గది కాదు. మూడూ లేవంటే, జుట్టులో మిగిలిన రంగు పోయేలా ధారాళంగా నీళ్లతో కడగమని, అదే రోజు చర్మవైద్యుల దగ్గరకు వెళ్లమని చెప్పాలి. కళ్లు మూసుకుపోయేంత వాపు ఉంటే మరుసటి రోజుకు వాయిదా వేయకూడదు. "ఒక సెట్రిజిన్ వేసుకోండి, తగ్గిపోతుంది" అనడం మన వృత్తిలో పెద్ద అలవాటు. ఆలస్యంగా వచ్చే ఈ అలర్జీ నడిచే విధానం వేరు కాబట్టి ఆ మాత్ర దురదను కాస్త మరపిస్తుందేమో గానీ వాపును ఆపదు. ఈలోగా డాక్టరు ఇవ్వాల్సిన మందు ఒక రోజు ఆలస్యమవుతుంది. మందు పేరు చెప్పడం మన పని కాదు. ఇది అలర్జీయా, రసాయనం వల్ల చర్మం కాలిందా అని తేల్చడం కూడా మన పని కాదు. రంగు రాస్తున్నప్పుడే మంట పుట్టి, తగిలిన చోటికే పరిమితమైతే రెండోది కావచ్చు. దాన్ని కూడా డాక్టరే చెప్పాలి.

మన పని మరొకటి ఉంది, దాన్ని మనం తప్ప ఎవరూ చేయలేరు. ఆవిడ తలకు ఏం రాశామో డాక్టరుకు తెలియజేయడం. రంగు పెట్టె మీది పదార్థాల జాబితా, షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఫొటో తీసి వెంటనే పంపించాలి. మౌనంగా ఉండమన్న సలహా పాటిస్తే ఆగిపోయేది మొదట ఇదే. ఆ జాబితా లేకపోతే డాక్టరు ఊహ మీద వైద్యం మొదలుపెడతారు. ఆవిడ కూడా తనకు పడనిది ఏమిటో తెలియకుండానే మరో పార్లర్‌లో "అమ్మోనియా లేనిది వేయండి" అని అడుగుతుంది. అమ్మోనియా లేని రంగులో పీపీడీ ఉండకూడదనేమీ లేదు, చాలా వాటిలో అదో దాని దగ్గరి బంధువో ఉంటుంది. మూలికల పేరుతో అమ్మే నల్ల హెన్నా పొడుల్లోనూ తరచూ ఉంటుంది. వట్టి గోరింటాకు నల్లగా పండదు. రెండోసారి వచ్చే వాపు మొదటిదానికన్నా తీవ్రంగా ఉండే ప్రమాదం ఎక్కువ. జాబితా దాచి మనం ఆమెకు రెండోసారి చేసే కీడు అది.

ఇప్పుడు అసలు భయానికి వద్దాం. సారీ అంటే ఒప్పుకున్నట్టేనా? "మీకు ఇంత బాధ కలిగినందుకు నాకు చాలా విచారంగా ఉంది" అన్నది ఒక మాట. "మేం టెస్ట్ చేయకుండా రంగు వేశాం, తప్పు మాదే, ఖర్చంతా మేమే పెట్టుకుంటాం" అన్నది మరో మాట. మొదటిది ఎదుటి మనిషి కష్టం పట్ల సానుభూతి. రెండోది కారణాన్ని, బాధ్యతను, చెల్లింపును మూడింటినీ పరీక్ష జరగకముందే తేల్చేయడం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2006 నాటి పరిహార చట్టం ఈ తేడాను రాతలోనే పెట్టింది: క్షమాపణ చెప్పినంత మాత్రాన, వైద్యం చేయిస్తామన్నంత మాత్రాన నిర్లక్ష్యాన్ని ఒప్పుకున్నట్టు కాదని. మన దేశపు సాక్ష్య చట్టం కూడా అంగీకారాన్ని తిరుగులేని రుజువుగా చూడదు. సానుభూతి మాటలకు భయపడి బిగుసుకుపోతున్నవాళ్లు, "మీకే అలర్జీ ఉందేమో, మీరే చెప్పలేదు" అని వాట్సాప్‌లో రాయడానికి మాత్రం భయపడరు. రేపు వినియోగదారుల కమిషన్ ముందు నష్టం చేసేది ఆ వాట్సాప్ రాతే. అడగాల్సింది మీరే కదా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

చట్టం ఏం చెబుతోందో చూద్దాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సేవాలోపాన్ని నిర్వచిస్తూ, నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టంతో పాటు, సంబంధిత సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచిపెట్టడాన్ని కూడా అందులో చేర్చింది. "ఏమీ చెప్పొద్దు" అన్న సలహా ఆ నిర్వచనంలోకి తనంత తానుగా నడిచి వెళ్తుంది. రంగు పెట్టె మీద హెచ్చరిక ఉండాలనీ, ముందుగా చెవి వెనకగానీ ముంజేతి లోపలి వైపుగానీ కొంచెం రాసి పరీక్షించాలనీ, ఆ పరీక్ష ప్రతిసారీ చేయాలనీ మన సౌందర్య సాధనాల నిబంధనలే చెబుతాయి. పెట్టె సూచన ఇరవైనాలుగు గంటలు ఆగమంటుంది. ఆలస్యంగా వచ్చే అలర్జీ కాబట్టి నలభై ఎనిమిది గంటలు ఆగడం మేలు. పెట్టె తెరిచిన పార్లర్ ఆ హెచ్చరిక తెలియదని చెప్పడం కుదరదు.

ఫిర్యాదు చేయడానికి కస్టమర్‌కు రెండేళ్ల గడువుంది. ఫోన్ ఎత్తకుండా రెండు వారాలు గడిపితే గొడవ చల్లారిందనుకోవడం భ్రమ. కేసు నోటీసు వచ్చాక జవాబు దాఖలు చేయడానికి పార్లర్‌కు 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజులు మాత్రమే దొరుకుతాయి. ఆ 45 రోజులు దాటితే జవాబు స్వీకరించే వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. ఏ రికార్డూ లేని పార్లర్, ఏడాదిన్నర క్రితం శుక్రవారం ఏ షేడ్ కలిపారో గుర్తుచేసుకుని ఆ గడువులో ఏం రాయగలదు?

కాగితం మనకు ఉరితాడవుతుందన్న భయానికి ఇక్కడే జవాబుంది. కాగితం ఉంటే ఏం చేశామో కాగితమే చెబుతుంది. లేకపోతే కస్టమర్ చెప్పిందొక్కటే మిగులుతుంది. రంగు వేసే ప్రతి మనిషికీ ఒక కార్డు ఉండాలి. ఇంతకుముందు రంగుకుగానీ నల్ల మెహందీకిగానీ దురద, వాపు వచ్చాయా అని అడిగామా, ఏం చెప్పారు, టెస్ట్ ఏ తేదీన, ఎక్కడ, ఏ రంగుతో చేశాం, ఎప్పుడు చూశాం, ఏం కనిపించింది, ఆ రోజు వాడిన కంపెనీ, షేడ్, బ్యాచ్ నంబరు, ఏ శాతం డెవలపర్ ఎంత కలిపాం, ఎన్ని నిమిషాలు ఉంచాం, ఎవరు వేశారు. రాయడానికి అయిదు నిమిషాలు చాలు. సగం ట్యూబ్ మిగిలితే పెట్టెతో సహా కనీసం కొన్ని వారాలు పారేయకూడదు.

ఫిర్యాదు వచ్చిన రోజున ఒక ప్రలోభం పుడుతుంది. టెస్ట్ చేయలేదు కాబట్టి, చేసినట్టు పాత తేదీ వేసి కార్డులో ఒక లైను చేర్చేద్దామన్న ఆలోచన అది. "ఒక్క లైనే కదా" అనేవాళ్లు మన మధ్యే ఉన్నారు. మసిపూసి మారేడుకాయ చేసే ఈ పని అన్నిటికన్నా పెద్ద నష్టం. టెస్ట్ చేయకపోవడం నిర్లక్ష్యం. చేసినట్టు రాయడం మోసం. ఆ రోజు తాను పార్లర్‌కు రాలేదని కస్టమర్ తన ఫోన్‌లోని ఒక్క మెసేజ్‌తో రుజువు చేస్తే, కార్డులో నిజం రాసిన మిగతా లైన్లను కూడా ఎవరూ నమ్మరు. పాత కార్డును ముట్టుకోకుండా అలాగే ఉంచాలి. కొత్తగా తెలిసిన సంగతులు ఆ రోజు తేదీ, సమయం వేసి కింద వేరుగా రాయాలి: "ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు కూతురు ఫోన్ చేశారు, కనురెప్పలు వాచాయని చెప్పారు, డాక్టరు దగ్గరకు వెళ్లమన్నాం, పెట్టె ఫొటో పంపాం." వాట్సాప్ సంభాషణను చెరిపేయకూడదు. కస్టమర్ పంపిన ముఖం ఫొటోలు ఆమె ఆరోగ్య సమాచారం. వాటిని సిబ్బంది గ్రూపులో పంచుకుంటే అది మరో ఫిర్యాదు.

మరి కస్టమర్ చేత "ఏం జరిగినా నాదే బాధ్యత" అని సంతకం పెట్టించుకుంటే చాలదా? చాలదు. తెలిసిన ప్రమాదానికి చేయాల్సిన పరీక్ష చేయకుండా తీసుకున్న సంతకం మన బాధ్యతను తుడిచేయదు. ప్రమాదం మనకు ముందే తెలుసని మాత్రం చక్కగా రుజువు చేస్తుంది. పెళ్లి రేపే ఉందని కస్టమర్ తొందరపెట్టినా, టెస్ట్ లేకపోతే రంగు లేదని చెప్పాలి. టెస్ట్‌కైనా హద్దుంది. శుభ్రంగా వచ్చిన టెస్ట్ తరవాత కూడా కొందరికి వాపు రావచ్చు. కానీ అప్పుడు పార్లర్ తన శ్రద్ధను చూపించగలదు, ఆ కేసు వేరే కేసు అవుతుంది.

మూడో ముక్క, డబ్బిచ్చి వదిలించుకోవడం. మౌనాన్ని సమర్థించేవారి దగ్గర ఉన్న ఒకే ఒక బలమైన వాదన కూడా బీమా నుంచే వస్తుంది. బాధ్యతను ఒప్పుకోవద్దని బీమా కంపెనీలే చెబుతున్నాయి కదా అంటారు. నిజమే, అలాంటి షరతు పాలసీల్లో మామూలుగా ఉంటుంది. అయితే ఆ షరతును చివరిదాకా చదవాలి. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదు, పరిహారం ఇస్తామనకూడదు, చెల్లించకూడదు. దాని పక్కనే మరో షరతు ఉంటుంది: క్లెయిమ్‌కు దారితీయగల సంఘటన తెలిసిన వెంటనే కంపెనీకి రాతలో తెలపాలి. మన పెద్దల సలహా మొదటి షరతులోని "ఒప్పుకోవద్దు" అన్న ఒక్క మాట పట్టుకుని, చెల్లించకూడదన్నదాన్నీ వెంటనే తెలపాలన్నదాన్నీ ఉల్లంఘిస్తుంది. చేతిలో పెట్టిన మూడు వేలు అనుమతి లేని చెల్లింపు. ఎవరికీ చెప్పకుండా గడిపిన నెల ఆలస్యపు సమాచారం. రేపు వైద్యం ఖర్చు, పోయిన జీతం, మానసిక వేదన కలిపి పెద్ద మొత్తం అడిగినప్పుడు క్లెయిమ్‌ను తిరస్కరించడానికి ఈ రెండూ కంపెనీ చేతికి దొరికే కారణాలు.

ఫీజు తిరిగివ్వడం న్యాయమనిపించవచ్చు, చాలాసార్లు న్యాయమే. ఆదివారమే ఇవ్వకుండా, సోమవారం కంపెనీకి తెలిపి, "సుహృద్భావంగా ఫీజు వాపసు ఇవ్వవచ్చా" అని రాతలో అడిగి, అనుమతి వచ్చాక ఇవ్వాలి. అంతకన్నా ముందు చూసుకోవాల్సింది పాలసీ. దుకాణాలకు అమ్మే ప్యాకేజీ పాలసీలో ప్రజలకు కలిగే నష్టానికి ఒక భాగం ఉండవచ్చు. తడి నేల మీద కస్టమర్ జారిపడితే అది పనికొస్తుంది. శరీరానికి చేసిన సేవ వల్ల కలిగిన హానికి కూడా వర్తిస్తుందని అనుకోకూడదు. "జుట్టు రంగు వల్ల కస్టమర్‌కు అలర్జీ వస్తే ఇది వర్తిస్తుందా, టెస్ట్ చేయాలన్న షరతు ఉందా" అని ఏజెంటును మాటల్లో కాక ఈమెయిల్‌లో అడగాలి. క్లెయిమ్ పాలసీ కాలంలోనే రావాలనే పాలసీ అయితే, మధ్యలో రెన్యువల్ మానేసినవాళ్లకు పాత సంఘటన మీద రక్షణ పోతుంది. లాయర్ నోటీసు వస్తే సొంతంగా జవాబు రాయకుండా, అందిన తేదీ వేసి, కవరుతో సహా అదే రోజు కంపెనీకి పంపాలి.

ఇక ఆదివారం సాయంత్రానికి ఆ కుటుంబానికి వెళ్లాల్సిన రాత ఎలా ఉండాలి? ఇలా ఉంటే చాలు: "అమ్మా, మీకు ఇంత బాధ కలిగినందుకు నాకు చాలా విచారంగా ఉంది. శుక్రవారం మీకు వాడిన రంగు పెట్టె ఫొటో, పదార్థాల జాబితా, బ్యాచ్ నంబరు దీనితో పంపుతున్నాను. డాక్టరుగారికి చూపించండి. కారణం ఏమిటన్నది వారు పరీక్షించి చెప్పాలి. నేను ఊహించి చెప్పడం సరికాదు. మీ ఫిర్యాదును నమోదు చేసుకున్నాను, మా రికార్డులు భద్రంగా ఉంచాను. డాక్టరు చీటీ, బిల్లులు దాచి ఉంచండి. మంగళవారం సాయంత్రం ఆరు గంటలకు నేనే మీకు ఫోన్ చేస్తాను." ఇందులో సానుభూతి ఉంది, సమాచారం ఉంది, తరవాతి అడుగు ఉంది. తప్పు ఒప్పుకోవడం లేదు, తోసేయడం కూడా లేదు. కూతురు అడిగితే మాత్రం "టెస్ట్ చేయలేదు" అన్న వాస్తవాన్ని దాచకూడదు. జరిగినదాన్ని చెప్పడం వేరు, దానికి చట్టపరమైన బాధ్యత ఎంతో తేల్చడం వేరు.

మంగళవారం ఆరు గంటలకు ఫోన్ చేసి తీరాలి. కొత్తగా చెప్పడానికి ఏమీ లేకపోయినా, లేదని చెప్పడానికే చేయాలి. మాట్లాడేది ఒక్కరే అయి ఉండాలి. రిసెప్షన్ అమ్మాయి ఒకటి, రంగు వేసిన అమ్మాయి మరొకటి చెబితే రెండు కథలవుతాయి. రంగు తయారు చేసిన కంపెనీకి బ్యాచ్ నంబరుతో సహా రాయాలి. ఉత్పత్తిలోనే లోపముంటే ఆ బాధ్యత వాళ్లదాకా వెళ్లేందుకు 2019 చట్టంలో దారి ఉంది. కొన్ని వారాలకు చర్మం మామూలయ్యాక, చర్మవైద్యులు వీపు మీద పట్టీలు అంటించి చేసే పరీక్ష గురించి డాక్టరును అడగమని ఆవిడకు గుర్తుచేయాలి. ఒక శాతం పీపీడీతో చేసే ఆ పరీక్షలో, రెండో రోజునా నాలుగో రోజునా చూసే ఫలితమే కారణాన్ని తేలుస్తుంది. అది పార్లర్‌కు అనుకూలంగానూ రావచ్చు, వ్యతిరేకంగానూ రావచ్చు. అనుకూలంగా వచ్చినా వ్యతిరేకంగా వచ్చినా ఆవిడకు జీవితాంతం పనికొచ్చే సమాచారం అది.

డబ్బు కోసం అబద్ధపు ఫిర్యాదులు చేసేవాళ్లు ఉండరా అని అడుగుతారు. ఉంటారు. వాళ్ల నుంచి కాపాడేవి కూడా టెస్ట్ తేదీ, బ్యాచ్ నంబరు, మొదటి గంటలో అడిగి రాసుకున్న ప్రశ్నలే. రంగు వేసిన అయిదు నిమిషాలకే పీపీడీ అలర్జీ వచ్చి ముఖమంతా పొక్కులు లేచాయన్న కథను ప్రశ్నించాలన్నా, ఎప్పుడు ఏం జరిగిందో మన దగ్గర రాసి ఉండాలి. అబద్ధపు ఫిర్యాదుదారు ముందు మౌనం వల్ల ఒరిగేదేమీ లేదు, ఆ కథకు ఎదురుచెప్పే వాస్తవం ఒక్కటీ మన దగ్గర ఉండదు.

ఇదంతా పెద్ద సెలూన్లకే సాధ్యమన్న వాదనకూ నేను తలొగ్గను. దీనికి కావాల్సినవి ఒక కార్డు, ఒక పెన్ను, పాలసీ గురించి ఒక ఈమెయిల్, చెప్పిన సమయానికి ఒక ఫోన్. ఒక్క కేసుతో మూతపడే ప్రమాదం ఉన్నది చిన్న పార్లర్‌కే కాబట్టి ఇవి ముందు కావాల్సిందీ చిన్న పార్లర్‌కే. బ్యూటీషియన్ కోర్సు నేర్పే ప్రతి కేంద్రం రంగు కలపడం నేర్పిన రోజే కార్డు రాయడం, మొదటి ఫోన్‌కు జవాబివ్వడం నేర్పాలి. "సారీ అనొద్దు, ఏదీ రాయొద్దు" అన్న పాఠం చెప్పే సీనియర్లను ఇకనుంచి ఒక ప్రశ్న అడగండి: ఆ పద్ధతిలో నడిచిన పార్లర్ కమిషన్ ముందు ఏ కాగితం చూపిస్తుంది, బీమా కంపెనీకి ఏ తేదీ చెబుతుంది, కళ్లు తెరవలేని మనిషి డాక్టరుకు ఏ జాబితా ఇస్తుంది? ఆ ప్రశ్నకు జవాబు లేనంతకాలం ఆ సలహాను పాటించకండి, ఎవరికీ నేర్పకండి.